సవరణ: అరసవల్లి బస్సు బయలుదేరేది తెల్లవారుజామున 2.30 గంటలకు

కాలనీ వాసులందరికీ నమస్కారం. దయచేసి ఈ సందేశాన్ని చివరి వరకు చదవండి.

అరసవల్లి యాత్ర బస్సు అక్టోబర్ 2, శుక్రవారం తెల్లవారుజామున 2.30 గంటలకు మన పార్కు గేటు దగ్గర బయలుదేరుతుంది. నిన్న సాయంత్రం నేను పెట్టిన సందేశంలో 5.30 అని ఉంది. అది తప్పు. గతంలో రామతీర్థం వెళ్లినప్పటి సందేశాన్ని తీసుకుని మార్పులు చేస్తూ సమయం మార్చడం మరిచిపోయాను. అందరూ క్షమించాలి. రెండో వీధి నుంచి ఒక అమ్మగారు ఈ ఉదయం ఫోన్ చేసి, "కిరణ దర్శనానికి వెళ్తూ పొద్దెక్కాక చేరడమేమిటి బాబూ?" అని అడిగారు. ఆవిడకు కృతజ్ఞతలు.

రోజు విషయంలో పొరపాటు పడవద్దు. గురువారం రాత్రి భోజనం చేసి పడుకుంటారు కదా, ఆ రాత్రే లేచి రావాలి. శుక్రవారం పగలు గడిచాక వచ్చే రాత్రి కాదు. అలారం గురువారం రాత్రి పడుకునే ముందే 1.30కి పెట్టుకోండి.

దారిలో ఎక్కేవారి సమయాలూ మారాయి. కోట కూడలిలో 2.45కి, చింతలవలసలో 3.05కి బస్సు ఆగుతుంది. ఒక్కోచోట ఐదు నిమిషాలకు మించి ఆగలేము. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి నేరుగా శ్రీకాకుళం వెళ్తాం. నాలుగున్నర, అయిదు గంటల మధ్య గుడి దగ్గర ఉండాలని మా ప్రయత్నం. సూర్యోదయమైన తరువాత కిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా స్వామి పాదాలను తాకేది కొద్ది నిమిషాలే. ఏటా మార్చిలోనూ అక్టోబర్ మొదటి రోజుల్లోనూ మాత్రమే దొరికే ఆ దర్శనానికి జనం చీకటితోనే వరుసలో నిలబడతారు. మబ్బు పడితే కిరణాలు కనిపించకపోవచ్చు, అది మన చేతుల్లో లేదు. సమయానికి చేరడం మాత్రం మన చేతుల్లో ఉంది.

విశాఖ నుంచి పిల్లలు వచ్చి మనతో కలుస్తారని కొందరు చెప్పారు. శుక్రవారం ఉదయం రైలెక్కితే బస్సు అందదు. గురువారం రాత్రికే ఇంటికి వచ్చేయమని వారికి ఈరోజే ఫోన్ చేయండి. టిక్కెట్టు తీసుకున్నవారుంటే మార్చుకునే వ్యవధి ఇంకా ఉంది.

ఆ వేళ ఆటోలు దొరకవు. ఒంటరిగా ఉండే పెద్దలు, ఆడవాళ్లు చీకట్లో నడిచి రానక్కరలేదు. మన కుర్రాళ్లు ఇద్దరు స్కూటర్ల మీద 2 గంటల నుంచి వీధుల్లో తిరుగుతారు. ఎవరిని ఇంటి దగ్గర నుంచి తీసుకురావాలో బుధవారంలోగా నాకు చెబితే చాలు.

మిగతా ఏ వివరమూ మారలేదు. అరసవల్లి తరువాత శ్రీకూర్మం, అక్కడి నుంచి శాలిహుండం, కళింగపట్నం తీరం, సాయంత్రం 7 గంటలకల్లా తిరిగి కాలనీకి. కట్టిన డబ్బు అదే, సీట్లు అవే. ఉదయం పులిహోర మనమే తెస్తున్నాం. శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు కొండ మీద ఉన్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు కింద బస్సులోనే ఉండవచ్చని ముందు చెప్పిన మాటా అలాగే ఉంది. ఇంత పెందలాడే లేవడం ఎవరికైనా కష్టమైతే మొహమాటపడకండి. బుధవారం రాత్రిలోగా చెప్పండి, కట్టిన డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను. పొరపాటు నాది, నష్టం మీకు కలగకూడదు.

నిన్నటి సందేశాన్ని గ్రూపులోంచి తొలగించాను. అయితే ఈలోపే కొందరు దాన్ని బంధువులకు పంపారు, మరికొందరు ఫొటో తీసి దాచుకున్నారు. మీరు ఎవరికి పంపారో గుర్తు చేసుకుని ఈ సవరణను వారికీ పంపండి. పాతదాని కింద రెండు ముక్కలు రాసి పంపవద్దు, ఈ సందేశాన్నే ఉన్నదున్నట్టుగా పంపండి. క్యాలెండర్ మీద రాసుకున్నవారు పాత సమయాన్ని కొట్టేసి 2.30 అని రాసుకోండి.

చదివినవారు కింద మీ ఇంటి నంబరు, మీరు ఎక్కే చోటు రాయండి. "సరే" అని మాత్రమే పెడితే ఎవరెక్కడ ఎక్కుతారో నాకు తెలియదు. రేపు రాత్రి 9 గంటల వరకు చూసి, జవాబు రాని ఇళ్లకు నేనే ఫోన్ చేస్తాను. ఫోన్ ఎత్తనివారి ఇంటికి మంగళవారం ఉదయం వస్తాను. గ్రూపులో లేని మూడో వీధి మాస్టారు గారికి, వారి పక్కింటి మామ్మగారికి ఇప్పుడే వెళ్లి స్వయంగా చెప్పి వచ్చాను.

సమయం గురించి సందేహం ఉంటే నన్నే అడగండి, ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

ఇట్లు,
యాత్ర ఏర్పాట్లు చూస్తున్న మీ కార్యదర్శి
విజయనగరం, సెప్టెంబర్ 27, 2026, ఆదివారం