ఫెసిలిటీ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ ఎంపిక: వెయిటేజీ పట్టిక, మార్కులు, సిఫారసు

ఎవరికి: మేనేజింగ్ కమిటీకి, ఓనర్లందరికీ
ఎవరి నుంచి: కొనుగోళ్ల సబ్ కమిటీ, మియాపూర్
విషయం: 5 బ్లాకులు, 286 ఫ్లాట్లకు రెండేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు

కిందటిసారి కొటేషన్లు చూసి, తక్కువ రేటు వాళ్లకి ఇచ్చేశాం. పదకొండు నెలల్లో ఐదుగురు సూపర్‌వైజర్లు మారారు. ఏ వాల్వు ఎక్కడుందో కొత్తాయనకి చెప్పడమే మన ప్లంబర్ డ్యూటీ అయిపోయింది. ఎండాకాలంలో ఎస్టీపీ వాసనకి సి బ్లాకు వాళ్లు కిటికీలు తెరవలేదు. అందుకే ఈసారి ధరల కవర్లు విప్పకముందే దేనికెంత వెయిటేజీయో రాసి, ముగ్గురం సంతకాలు పెట్టాం. ఆ కాగితం నోటీసు బోర్డులో ఉంది. తర్వాత అందులో ఒక్క అంకె కూడా మార్చలేదు.

పని పరిధి

హౌస్‌కీపింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, గార్డెనింగ్, రెండు డీజీ సెట్లు, 180 కేఎల్‌డీ ఎస్టీపీ, ఫైర్ పంపుల రోజువారీ పరీక్ష. మొత్తం 34 మంది. లిఫ్టులు తయారీ కంపెనీ ఏఎంసీలోనే ఉంటాయి. సెక్యూరిటీకి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద వేరే లైసెన్సు కావాలి కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.

మొదటి జల్లెడ

దీనికి మార్కులు లేవు. పాసో ఫెయిలో, అంతే. పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ నంబర్లు, ఆరు నెలల చలాన్లు, 150 ఫ్లాట్లు దాటిన కనీసం రెండు సైట్ల అనుభవం ఉండాలి. ఎస్టీపీ ట్యాంకులోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించబోమని రాతపూర్వక హామీ ఇవ్వాలి. 2013 నాటి చట్టం దాన్ని నిషేధించింది. ఈ హామీ ఇవ్వడానికి వెనకాడేవాళ్లతో మనకు మాటలు అనవసరం.

వచ్చిన బిడ్లు నాలుగు. పేర్లు కాకుండా ఎ, బి, సి, డి అని రాస్తున్నాం. డి నెలకు 5,40,000 అడిగారు, అందరికంటే తక్కువ. అందులోంచి ఫినాయిల్, లిక్విడ్, మాపుల ఖర్చు 45,000 తీసేస్తే మనిషికి 14,560 దాకా మిగులుతుంది. అందులోనే యజమాని వాటా పీఎఫ్, 3.25 శాతం ఈఎస్ఐ, 8.33 శాతం బోనస్, వాళ్ల లాభం అన్నీ సర్దాలి. అవన్నీ పోను మిగిలేది కనీస వేతనానికి చాలదు. ‘ఎలా సర్దుతారు?’ అని అడిగితే ‘మేం చూసుకుంటాం సార్’ అన్నారు. రేపు కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ బకాయిలు పడితే అసోసియేషన్ తలుపు తడతారు. డిని పక్కన పెట్టాం.

మార్కుల పద్ధతి

ఒక్కో అంశానికి 1 నుంచి 5. ముగ్గురం విడివిడిగా వేసి, ఒకటికి మించి తేడా వస్తే కూర్చుని మాట్లాడుకున్నాం. నాలుగో సభ్యుడి తోడల్లుడు బిడ్డర్ సి దగ్గర పనిచేస్తారు. ఆ మాట ఆయనే చెప్పి తప్పుకున్నారు.

| అంశం | వెయిటేజీ | ఎ | బి | సి |
|---|---|---|---|---|
| సాంకేతిక పనితనం (ఎస్టీపీ, డీజీ, పంపులు) | 25 | 2.5 | 4 | 4.5 |
| సిబ్బంది నిలకడ, సూపర్‌వైజర్ | 20 | 3 | 4 | 3 |
| పీఎఫ్, ఈఎస్ఐ, జీతాల క్రమశిక్షణ | 10 | 3 | 4 | 5 |
| బ్రేక్‌డౌన్‌కి స్పందన | 10 | 3 | 4 | 4 |
| ఇప్పటి కస్టమర్ల మాట | 10 | 2 | 4 | 4 |
| ధర | 25 | 5 | 4.62 | 4.29 |
| మొత్తం (100కి) | 100 | 65.50 | 83.08 | 81.93 |

జీఎస్టీ కాకుండా నెలవారీ ధరలు: ఎ 7,20,000, బి 7,80,000, సి 8,40,000. ధరకి మార్కు మనం వేసేది కాదు, లెక్కలోంచి వచ్చేది. షీటులో వెయిటేజీలు B2:B7లో, మార్కులు C2:E7లో, ధరలు 9వ వరుసలో ఉన్నాయి. ఫైలు తెరిచి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

```
C7:  =5*MIN($C$9:$E$9)/C9
C8:  =SUMPRODUCT($B$2:$B$7,C2:C7)/5
```

మార్కులు ఎందుకలా పడ్డాయి

ముగ్గురి సైట్లకీ చెప్పకుండా వెళ్లాం. ఎ సైటులో ఎస్టీపీ లాగ్‌బుక్ ఎంత నీటుగా ఉందో! నెల పొడుగునా సెట్లింగ్ రీడింగు 30, 30, 30. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఆదివారాలతో సహా. బ్రోషర్ చూసి మాలో ఒకరు 4 వేసి ఉన్నారు, ఆ పుస్తకం తిరగేశాక తగ్గించారు. బి లాగ్‌బుక్‌లో రెండు రోజులు ఖాళీ. అడిగితే ‘ఆ రెండ్రోజులు బ్లోయర్ రిపేరు సార్’ అని బిల్లు తెచ్చి చూపించారు. ఖాళీ ఉన్నందుకు ఒక మార్కు కోశాం గానీ, నిజం రాసిన పుస్తకం అది. సి ఆపరేటర్ మేం అడక్కముందే ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జార్‌లో పట్టి, అరగంటలో బురద ఎంత అడుగుకి దిగిందో చూపించాడు. కుర్రాడు పాతికేళ్లు కూడా ఉండడు, పని తెలిసినవాడు.

సిబ్బంది విషయానికి మూడు నెలల హాజరు పట్టీలు తీసుకుని పేర్లు పోల్చాం. బి దగ్గర 31 మందిలో 27 మంది మూడు నెలలూ ఉన్నారు. సి దగ్గర 36లో 22 మందే. సూపర్‌వైజర్‌ని కూడా వేరే సైటుకి మార్చి మూడు వారాలైంది. చలాన్లలో మాత్రం సిని వేలెత్తి చూపడానికి లేదు: గడువు తేదీ 15, ఆరు నెలలూ 10 లోపే కట్టారు. ఎ ఆ ఆరింటిలో మూడు నెలలు ఆలస్యంగా కట్టారు.

స్పందన కోసం రాత్రి పదిన్నరకి ముగ్గురి హెల్ప్‌లైన్‌కీ ఫోన్ చేశాం. ఎ నంబరు మోగి మోగి ఆగిపోయింది.

వెయిటేజీ మారిస్తే ఏమవుతుంది

ఇది తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చేసి చూశాం. ధర వెయిటేజీ 40కి పెంచి మిగతావి అదే నిష్పత్తిలో తగ్గిస్తే బి 84.92, సి 82.69. ధర 10కి దించితే బి 81.23, సి 81.17, అంటే దాదాపు సమానం. కానీ సిబ్బందికి 10, సాంకేతికానికి 35 ఇస్తే తిరగబడుతుంది: సి 84.93, బి 83.08. కాబట్టి అసలు ప్రశ్న ధర గురించి కాదు, పనితనం ముఖ్యమా, మనిషి నిలబడటం ముఖ్యమా అన్నది. ఐదుగురు సూపర్‌వైజర్లని చూశాక మేం నిలకడకి 20 వేశాం. ఒప్పుకోనివాళ్లు జనరల్ బాడీలో చెప్పండి.

చర్చలు, సిఫారసు

తేడా 3 మార్కుల లోపు ఉంటే ఇద్దరినీ చర్చకి పిలవాలని ముందే రాసుకున్నాం. ఇక్కడ తేడా 1.15. ఇద్దరినీ ఒకే మాట అడిగాం: సూపర్‌వైజర్, ఎస్టీపీ ఆపరేటర్ల పేర్లు కాంట్రాక్టులో రాసి, ఏడాదిలోపు మార్చితే నెల బిల్లులో 2 శాతం కోత ఒప్పుకుంటారా? బి ఒప్పుకున్నారు. రాజీనామా చేస్తే మాత్రం కోత వద్దన్నారు, సబబే. సి ‘మనుషుల్ని మార్చే స్వేచ్ఛ మాకుండాలి’ అన్నారు.

బిడ్డర్ బిని సిఫారసు చేస్తున్నాం. షరతులు: మొదటి మూడు నెలలు పరీక్షాకాలం, ఎస్టీపీ లాగ్‌బుక్ వారానికోసారి మన వాలంటీరు సంతకంతో, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జత చేయని నెల బిల్లు చెల్లించరాదు. బి పరీక్షాకాలంలో తప్పితే ఇదే రేటుకి వస్తామని సి 120 రోజుల గడువుతో ఉత్తరం ఇచ్చారు, అది ఆఫీసు ఫైల్లో ఉంది. అభ్యంతరాలు ఆదివారం ఉదయం 11 లోపు క్లబ్‌హౌస్ రిజిస్టర్‌లో రాయండి. సోమవారం ఒప్పందం ముసాయిదా కమిటీ ముందు పెడతాం.