పాప ఫొటో, అక్క జవాబు

తమ్ముడు:
అక్కా, పాప పుట్టింది! నిన్న తెల్లవారుజామున 4:20కి. 2.9 కిలోలు. తల్లీబిడ్డా క్షేమం. ఫొటో పంపుతున్నా, చూడు. కళ్లు ఇంకా సరిగ్గా తెరవట్లేదు కానీ నా వేలు మాత్రం పట్టుకుంటే వదలట్లేదు. పేరు ఇంకా అనుకోలేదు. మిగతావాళ్లకి రేపు చెబుతాం, ముందు నీకే.

అక్క:
ఎంత చల్లని కబురు చెప్పావురా! ఫొటో పెద్దది చేసి మరీ చూశా. ఆ బుల్లి పిడికిలి, చెవి మీదకి పడిన ఒత్తయిన జుట్టు, ముడుచుకున్న పెదాలు... కళ్లు చెమర్చాయి. ఎవరి పోలిక అని ఇప్పుడే అనను, నెల తిరిగేసరికి ముఖం ఎంత మారుతుందో! హాయిగా, ఆరోగ్యంగా ఎదగాలి, అంతే.

మరదలు ఎలా ఉంది? కాస్తయినా నిద్రపోతోందా? తనని అడిగానని తప్పకుండా చెప్పు. ఇన్ని నెలలు మోసి కన్నది తను, ఈ సంతోషంలో మొదటి అభినందన తనకే.

మీరు చెప్పేదాకా ఫొటో ఎవరికీ చూపించను, గ్రూపులో పెట్టను. చూడాలని ప్రాణం లాగుతోంది కానీ మీరు రమ్మన్నప్పుడే వస్తా. వచ్చినా మర్యాదలేం వద్దు. వంటో, బట్టలో నేను చూసుకుంటా, మీరిద్దరూ కాసేపు పడుకోండి. దీనికి ఇప్పుడే జవాబు రాయక్కర్లేదు.

తమ్ముడు:
థాంక్స్ అక్కా. నీ మెసేజ్ తనకి చదివి వినిపించా. పాప గురించి అందరూ అడుగుతారు, నా గురించి వదినే అడిగారు అంది. ఆదివారం సాయంత్రం వచ్చేయ్.