పద్మకి ఒక ఉత్తరం

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

పద్మా,

ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటలివి. నోరు తెరిస్తే మళ్ళీ గ్యాస్ బండ గురించో పాప ఫీజు గురించో మాట్లాడి లేచిపోతానని భయమేసి రాస్తున్నాను.

మీ నాన్నగారు పోయినప్పుడు బండి, పంతులుగారు, భోజనాలు అన్నీ నేనే చూశాను. "అల్లుడంటే ఇలా ఉండాలి" అని మీవాళ్ళు అంటే పొంగిపోయాను కూడా. విజయనగరం నుంచి వచ్చాక రాత్రిళ్ళు నువ్వు వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చేదానివి. నాకు వినపడేది పద్మా. లేచి రాలేదు. టీవీ సౌండ్ పెంచాను. ఈ పద్నాలుగేళ్ళలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది అదే.

షిఫ్టులు, నిద్ర చాలదు, ఇంటి లోను టెన్షన్ అని చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం కాదు. కానీ బీ షిఫ్టు దిగాక టీ కొట్టు దగ్గర గంటసేపు కబుర్లకి ఓపిక ఉండేదిగా? ఇంటి మెట్లెక్కేసరికే అయిపోయేది.

మొన్న బట్టలు మడతపెడుతూ "మళ్ళీ హుద్‌హుద్ వస్తే బాగుణ్ణు" అన్నావు. పిచ్చి మాట అనుకున్నాను. తర్వాత డ్యూటీలో గుర్తొచ్చింది. 2014 అక్టోబరు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. డాబా మీద చాప వేసుకుని ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నాం! అప్పుడు పాప నీ కడుపులో ఉంది. ఊరంతా చెట్లు కూలిపోతే గానీ నీకు మొగుడు దొరకలేదన్నమాట.

ఇక నుంచి ఏ షిఫ్టయినా, ఇంట్లో అడుగుపెట్టగానే ఫోను ఫ్రిజ్ మీద పెడతాను. మనం భోంచేసి లేచేదాకా ముట్టను. నువ్వు అత్తమ్మ గురించో ఆఫీసు గురించో చెప్తుంటే "అయితే ఇలా చెయ్" అని సలహా పడెయ్యను, ముందు వింటాను. నాకు మాటలు రానప్పుడు మంచం ఎక్కి అటు తిరిగి పడుకోకుండా "ఇప్పుడు కాదు, రేపు సాయంత్రం" అని చెప్తాను. ఆ సాయంత్రం నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు, నేనే ఎత్తుతాను. పాప స్కూలు మీటింగులకి ఇకమీదట నేను వెళ్తాను, డ్యూటీ మార్పించుకునైనా. నువ్వు రెండేళ్ళ కిందట అడిగిన కౌన్సెలింగుకి వచ్చే శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అప్పుడు "మనకేం పిచ్చా" అన్నాను కదా, ఆ మాటకి క్షమించు. నువ్వు రాలేనంటే నేనొక్కణ్ణే వెళ్తాను.

ఇవన్నీ చదివి వెంటనే మారిపోయానని నమ్మకు. కోపం వస్తే కోప్పడు. నువ్వు నాకు జవాబు రాయక్కర్లేదు కూడా.

గురువారం నాకు ఆఫ్. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్దాం, పాపని అమ్మ చూసుకుంటానంది. టీ నేను పెడతాను. నిద్ర లేవాలనిపించకపోతే పడుకో, ఫ్లాస్కులో పోసి ఉంచుతాను.

నీ
రమణ