ఏఈ మేడమ్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు

విశాఖపట్నం,
12 అక్టోబర్ 2025, ఆదివారం.

గౌరవనీయులైన నస్రీన్ గారికి,

మీ పుట్టినరోజు సందర్భంగా మన సబ్‌స్టేషన్‌లోని షిఫ్ట్ ఆపరేటర్లు, లైన్‌మెన్, ఆఫీసు సిబ్బంది మొత్తం పదకొండు మందిమీ మీకు హృదయపూర్వక శుభాకాంక్షలు తెలియజేసుకుంటున్నాము. ఇవాళ సెలవు గనుక ఈ మాటలను ఫోనుకు పంపుతున్నాము. అందరి సంతకాలతో ఉన్న అసలు కాగితం రేపు ఉదయం మీ టేబుల్ మీద ఉంటుంది.

క్రిందటేడు మేము దుకాణంలో కొని తెచ్చిన కార్డులో ఒక ఆశీర్వచన శ్లోకం అచ్చువేసి ఉన్నది. దానిని చదవకుండానే అందరమూ సంతకాలు చేశాము. మీరు చిరునవ్వుతో తీసుకుని, కార్డును సొరుగులో దాచుకున్నారు. అయితే ఆ మాటలు మేము మీ కోసం ఎంచినవి కావు, మీరు కోరుకున్నవీ కావు. అందుకే ఈసారి తెల్ల కాగితం తీసుకుని, మీ గురించి మాకు స్వయంగా తెలిసిన సంగతులనే రాయాలని అనుకున్నాము.

అక్టోబర్ 12 అనగానే ఈ ఊరివాళ్ళకు హుద్‌హుద్ తుఫాను గుర్తుకు వస్తుంది. పదకొండేళ్ళ క్రితం ఆ రోజు కూడా ఆదివారమే. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి స్తంభాలు విరిగి, తీగలు రోడ్ల మీద పడి, నిలిచి ఉన్న చెట్లకు సైతం ఆకు మిగలలేదు. మరునాడు పనిలోకి దిగేసరికి సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఫోను లేకుండా లైన్ క్లియర్ ఎలా ఇవ్వాలని మేము తలలు పట్టుకుంటే, అప్పుడు సబ్ ఇంజినీరుగా ఉన్న మీరు తెల్ల కాగితాన్ని చీటీలుగా చింపి, ఒక్కొక్క దాని మీద ఫీడర్ పేరు, సమయం, లైను మీదికి ఎక్కిన మనుషుల పేర్లు రాసి, పడిపోయిన చెట్ల మీదుగా నడిపించి మాకు చేర్పించారు. తిరుగు చీటీ చేతికి అందేవరకు బ్రేకర్ మీద ఎవరినీ చేయి వేయనివ్వలేదు. ఎవరి ఇంట్లోనో నడుస్తున్న జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చునని, పని జరిగే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించిన తరువాతే స్తంభం ఎక్కనిచ్చారు. అప్పట్లో ఇంత ఆలస్యమెందుకని విసుక్కున్నవాళ్ళు మాలో ఉన్నారు, ఈ ఉత్తరం రాస్తున్న నేనూ వారిలో ఒకడినే. ఆ పనులన్నీ ముగిసేవరకు మన సెక్షన్‌లో ఒక్కరికైనా చిన్న గాయం కాలేదు.

వాటిలో ఒక చీటీ నా దగ్గర ఇప్పటికీ ఉన్నది. తడిసి ఆరిన కాగితం మీద నీలి సిరా కొంత పాకింది కాని, 13-10-2014 అన్న తేదీ, దాని కింద మీరు రెండుసార్లు గీత గీసిన ‘నలుగురూ కిందికి దిగారు’ అన్న మాట స్పష్టంగా కనిపిస్తాయి. దానికి ముందు రోజు మీ పుట్టినరోజు అని మాలో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళ తరువాత సర్వీస్ రిజిస్టర్ సరిచూస్తుండగా బయటపడింది. మీరు మాత్రం ఆ మాట ఎత్తలేదు.

మీకు ఆరోగ్యం, కంటినిండా నిద్ర, అర్ధరాత్రి ట్రిప్ అయ్యామని లేపని ఫీడర్లు, మీకు ఇష్టమైనవాళ్ళతో తీరికగా గడిపే సాయంత్రాలు దండిగా దక్కాలని కోరుకుంటున్నాము. మీరు నేర్పిన పద్ధతి ప్రకారం లైన్ క్లియర్ తీసుకునేటప్పుడు ఫీడర్ పేరును రెండుసార్లు చెప్పించుకోవడం కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు కూడా అలవాటైందని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాము.

ఇక వేడుక సంగతి. కొవ్వొత్తులు ఆర్పడం మీకు అంతగా నచ్చదని మీరు ఒకసారి మాటల మధ్య అన్నారు. దానికి కారణం మేము అడగలేదు, అడగవలసిన పని కూడా లేదు. కాబట్టి కొవ్వొత్తులు ఉండవు, టీ మాత్రం తప్పకుండా ఉంటుంది. అందరమూ కలిసి భోజనం చేయాలని కూడా అనుకుంటున్నాము. ఏ రోజు, ఏ పూట, ఎక్కడ, ఏమి వడ్డించాలి అన్నవి మీరే చెప్పండి. ఈ వారం వీలు కాకపోతే వచ్చే నెలకైనా సరే, షిఫ్టులు మేము సర్దుకుంటాము. ఆ రోజున ఆ పాత చీటీని కూడా తీసుకువస్తాను. మీరు చూసిన తరువాత తిరిగి నాకే ఇవ్వాలని ముందుగానే విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
సీనియర్ షిఫ్ట్ ఆపరేటర్,
సబ్‌స్టేషన్ సిబ్బంది అందరి తరఫున