అమ్మకాల, కొనుగోలు ఆవర్జాల కంట్రోల్ ఖాతాల సమన్వయ పట్టిక: 31 మార్చి 2025

వ్యాపారం: ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్, విజయవాడ
తయారైన తేదీ: 16 ఏప్రిల్ 2025
ఎవరికి: యజమానికి, ఆడిటర్ ఫైలుకు

పార్టీల ఖాతాలు షాపులో చేతిరాత ఆవర్జాల్లో ఉంటాయి. కంట్రోల్ ఖాతాలు ఆఫీసు కంప్యూటర్‌లోని జనరల్ లెడ్జర్‌లో ఉంటాయి, వాటికి నెలాఖరు మొత్తాలే ఎక్కుతాయి. రెండు చోట్లా రాసే చేతులు వేరు కాబట్టే ఈ పోలికకు విలువ ఉంది. అన్ని మొత్తాలూ జీఎస్టీతో కలిపి, రూపాయల్లో.

1. అమ్మకాల ఆవర్జా కంట్రోల్ ఖాతా, మార్చి 2025 (పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు)

| డెబిట్ | రూ. | క్రెడిట్ | రూ. |
|---|---:|---|---:|
| మార్చి 1 నిల్వ | 18,42,600 | వసూళ్లు (నగదు, బ్యాంకు) | 10,86,300 |
| అరువు అమ్మకాలు | 12,75,400 | అమ్మకాల వాపసులు | 48,200 |
| బౌన్స్ అయిన చెక్కు | 35,000 | ఇచ్చిన డిస్కౌంట్ | 14,500 |
| | | రానిబాకీలు | 22,000 |
| | | మార్చి 31 నిల్వ | 19,82,000 |
| మొత్తం | 31,53,000 | మొత్తం | 31,53,000 |

షాపు నుంచి వచ్చిన ఖాతాదారుల జాబితాలో 113 పేర్లు, మొత్తం 19,42,560. తేడా 39,440. ఈ అంకెను తొమ్మిదితో భాగించినా, సగం చేసినా ఏ ఆచూకీ దొరకలేదు. ఏడు తప్పులు కలిసిన తేడా అది. అందుకని జాబితాను మళ్లీ కూడి, ఆపైన డే బుక్కుల నుంచి ఒక్కొక్క ఎంట్రీనీ పార్టీ ఖాతాలో టిక్కు పెడుతూ పోయాం.

కంట్రోల్ ఖాతాలో దిద్దుబాట్లు

| వివరం | రూ. |
|---|---:|
| పుస్తకం ప్రకారం నిల్వ | 19,82,000 |
| (క) అమ్మకాల డే బుక్కులో ఒక పుట మొత్తం ఎక్కువ కూడారు | −10,000 |
| (ఖ) కొనుగోలు ఆవర్జాతో కాంట్రా ఎక్కలేదు | −27,500 |
| (గ) రానిబాకీ ఎక్కలేదు | −6,300 |
| సరైన నిల్వ | 19,38,200 |

జాబితాలో దిద్దుబాట్లు

| వివరం | రూ. |
|---|---:|
| జాబితా ప్రకారం | 19,42,560 |
| (ఘ) ఫోలియో 47, తెనాలి: 9,440 బిల్లును 4,940 అని రాశారు | +4,500 |
| (చ) ఫోలియో 81, ఏలూరు: 2,360 క్రెడిట్ నోట్‌ను డెబిట్ వైపు వేశారు | −4,720 |
| (ఛ) ఫోలియో 104, నూజివీడు: నిల్వ జాబితాలోకి రాలేదు | +12,860 |
| (జ) ఫోలియో 33, గుడివాడ: 8,500 అడ్వాన్సును బాకీగా రాశారు | −17,000 |
| సరైన మొత్తం (114 పేర్లు) | 19,38,200 |

(క) గురించి ఒక మాట. తప్పు మొత్తం కాలమ్‌లోనే ఉంది. అమ్మకం, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కాలమ్‌లు సరిగానే ఉన్నాయి. కాబట్టి అంకణాలో డెబిట్ 10,000 ఎక్కువై, ఆ మేరకు అనామతు ఖాతాలో క్రెడిట్ నిల్వ పెట్టి ఉంది. ఇప్పుడది తీరిపోతుంది. జీఎస్‌టీఆర్-1 బిల్లుల వారీగా వెళ్లింది కనుక దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

(ఖ) గుంటూరు స్విచ్‌బోర్డుల తయారీదారు మన దగ్గర వైరు కొంటారు, మనకు బోర్డులు అమ్ముతారు. అమ్మకాల ఫోలియో 62, కొనుగోలు ఫోలియో 19 రెండింటిలోనూ మార్చి 22న 27,500 చెల్లు వేశారు. జర్నల్ వోచర్ మాత్రం ఆఫీసుకు రాలేదు. డబ్బు చేతులు మారదు కాబట్టి క్యాష్ బుక్కులో దీని జాడ ఉండదు. మన పుస్తకాల్లో తరచుగా జారిపోయేది ఇదే.

(గ) మూతపడ్డ షాపు బాకీ. పన్నుతో సహా 6,300 మొత్తం నష్టమే. రానిబాకీ మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు.

(చ)లో అసలు 2,360 తగ్గాలి, అంతే పెరిగింది. అందుకే దిద్దుబాటు రెట్టింపు. (జ)కీ అదే లెక్క.

2. కొనుగోలు ఆవర్జా కంట్రోల్ ఖాతా, మార్చి 2025

| డెబిట్ | రూ. | క్రెడిట్ | రూ. |
|---|---:|---|---:|
| చెల్లింపులు | 7,45,600 | మార్చి 1 నిల్వ | 9,64,300 |
| కొనుగోలు వాపసులు | 31,900 | అరువు కొనుగోళ్లు | 8,21,700 |
| వచ్చిన డిస్కౌంట్ | 9,300 | | |
| మార్చి 31 నిల్వ | 9,99,200 | | |
| మొత్తం | 17,86,000 | మొత్తం | 17,86,000 |

సరఫరాదారుల జాబితా మొత్తం 9,80,500. తేడా 18,700.

| వివరం | కంట్రోల్ | జాబితా |
|---|---:|---:|
| మొదటి మొత్తం | 9,99,200 | 9,80,500 |
| (ఖ) కాంట్రా | −27,500 | |
| (ట) క్యాష్ బుక్కు ఒక పుట డిస్కౌంట్ మొత్తం ఎక్కలేదు | −4,100 | |
| (ఠ) వాపసు డెబిట్ నోట్ ఫోలియో 8లో పడలేదు | | −5,900 |
| (డ) ఫోలియో 27 డెబిట్ నిల్వ (అడ్వాన్సు) వదిలేశారు | | −7,000 |
| (ఢ) రెండు చోట్లా రాని బిల్లు | +23,600 | +23,600 |
| సరైన మొత్తం | 9,91,200 | 9,91,200 |

(ఢ) తేడాలోంచి దొరికింది కాదు. (ట), (ఠ), (డ), కాంట్రా సర్దగానే రెండు వైపులా 9,67,600తో కలిసిపోయాయి. ఫోలియో 14 సరఫరాదారు పంపిన స్టేట్‌మెంట్‌తో పోల్చినప్పుడు, మార్చి 27 నాటి 23,600 బిల్లు మన దగ్గర లేదని తేలింది. సరుకు 29న దిగింది, స్టాకు లెక్కలో చేరింది, బిల్లు మాత్రం డ్రైవరు ఇచ్చిన కాగితాల్లో ఉండిపోయింది. అలాగే వదిలేస్తే లాభం 20,000 ఎక్కువ చూపేది. డే బుక్కులోకే రాని బిల్లును కంట్రోల్ ఖాతా పట్టలేదు, దానికి సరఫరాదారుల స్టేట్‌మెంట్లే దిక్కు. ఇన్‌పుట్ పన్ను 3,600 జీఎస్‌టీఆర్-2బీలో కనిపించాకే రిటర్నులో తీసుకోవాలి.

ఇలాంటిదే మరొకటి అమ్మకాల వైపు: మంగళగిరి పార్టీ కట్టిన 15,000 అదే పేరున్న బాపట్ల పార్టీ ఖాతాలో జమ అయింది. జాబితా మొత్తం మారదు, రెండు నిల్వలూ తప్పు. బాకీ నిర్ధారణ ఉత్తరానికి మంగళగిరి వారు కాదన్నాకే బయటపడింది. రెండు ఖాతాలూ సరిచేశాం.

3. జర్నల్ ఎంట్రీలు (31 మార్చి 2025 తేదీతో)

| డెబిట్ | క్రెడిట్ | రూ. |
|---|---|---:|
| అనామతు ఖాతా | అమ్మకాల కంట్రోల్ | 10,000 |
| కొనుగోలు కంట్రోల్ | అమ్మకాల కంట్రోల్ | 27,500 |
| రానిబాకీలు | అమ్మకాల కంట్రోల్ | 6,300 |
| కొనుగోలు కంట్రోల్ | వచ్చిన డిస్కౌంట్ | 4,100 |
| కొనుగోళ్లు 20,000. ఇన్‌పుట్ సీజీఎస్టీ 1,800. ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ 1,800 | కొనుగోలు కంట్రోల్ | 23,600 |

(ఘ), (చ), (ఠ) పార్టీ ఖాతాల్లోనే దిద్దాలి. (ఛ), (జ), (డ)లో ఖాతాలు సరిగానే ఉన్నాయి, తప్పు జాబితాలోనే. ఈ ఆరింటికీ జర్నల్ అవసరం లేదు.

4. ఆస్తి అప్పుల పట్టీకి వెళ్లాల్సిన అంకెలు

నికర మొత్తాలు వేయొద్దు. ఖాతాదారుల బాకీలు 19,46,700, ఖాతాదారుల నుంచి అడ్వాన్సు 8,500. సరఫరాదారులకు ఇవ్వాల్సింది 9,98,200, సరఫరాదారులకు ఇచ్చిన అడ్వాన్సు 7,000.

5. తెరిచి ఉన్నవి

బౌన్స్ అయిన 35,000 చెక్కు రెండు పుస్తకాల్లోనూ సరిగానే ఎక్కింది, కానీ ఏప్రిల్ 16 వరకు డబ్బు రాలేదు. రానిబాకీగా చూడాలో లేదో యజమాని తేల్చాలి. ఫోలియో 8 సరఫరాదారు 5,900 వాపసును ఇంకా తమ స్టేట్‌మెంట్‌లో చూపలేదు. వాళ్ల క్రెడిట్ నోట్ కోసం ఏప్రిల్ 15న అడిగాం.