అసలు మనుషుల ఫొటోలతో కొత్త చిత్రాలు: ఈ యాప్‌లో ఏవి కుదరవు

‘రిఫరెన్స్ ఫొటో’ ఫీచర్‌లో మీరు ఒక మనిషి ఫొటో ఇస్తే అదే ముఖంతో కొత్త చిత్రం తయారవుతుంది. ఆ ముఖాన్ని చూసి గుర్తుపట్టే ఇంటివాళ్లు, ఆఫీసువాళ్లు, స్నేహితులు ఆ మనిషికి ఉంటారు. చిత్రం అబద్ధమైనా దాని వల్ల పోయే పరువు నిజమైనదే. అందుకే ఈ ఫీచర్‌కు మిగతా యాప్ నియమాలతో పాటు ఈ నియమాలు కూడా వర్తిస్తాయి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఫొటో మీ ఫోన్‌లో ఉన్నంత మాత్రాన అందులోని ముఖం మీద మీకు హక్కు రాదు. ఆ ఫొటో మీరే తీసి ఉండొచ్చు, వాళ్లే మీకు పంపి ఉండొచ్చు, సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా పెట్టి ఉండొచ్చు. కొత్త చిత్రానికి సరే అనాల్సింది మాత్రం అందులో ఉన్న మనిషే.

ఎవరు ఒప్పుకున్నా కుదరనివి

అసలు మనిషిని నగ్నంగా గానీ లైంగికంగా గానీ చూపే చిత్రాలు చేయకూడదు. బట్టలు తీసేయడం, పలచగా కనిపించేలా చేయడం, మామూలు దుస్తులను లోదుస్తులుగానో స్విమ్‌సూట్‌గానో మార్చడం, శరీర భాగాలను పెంచి చూపడం, మరొకరి శరీరానికి ఈ ముఖం తగిలించడం అన్నీ ఇందులోకే వస్తాయి. జనం మార్ఫింగ్ అనేది దీన్నే. స్విమ్‌సూట్‌లో తీసుకున్న అసలు ఫొటోకు వెలుతురు సరిచేసుకోవచ్చు, వెనక ఉన్న చెత్తబుట్టను తీసేయొచ్చు. లేని స్విమ్‌సూట్‌ను తొడగడం మాత్రం కుదరదు.

‘అది నా ఫొటోనే కదా’ అని కొందరు అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ మీ సెల్ఫీకీ, వేరొకరి ఫోన్ నుంచి ఎత్తుకొచ్చిన సెల్ఫీకీ తేడా యాప్‌కు తెలియదు. ‘ఆమె ఒప్పుకుంది’ అన్న మాటను నమ్మకంగా తేల్చుకునే దారి కూడా మా దగ్గర లేదు. అందుకని ఈ ఒక్క విషయంలో తలుపు అందరికీ మూసేశాం. సొంత ఫొటో ఇచ్చేవారికి ఇది ఇబ్బందే, తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

18 ఏళ్లు నిండనివారి విషయంలో ఇంకా కఠినంగా ఉంటాం. పిల్లలను లైంగికంగా చూపే ఏ చిత్రమైనా, అది కార్టూన్ అయినా, పెద్దవారి ముఖాన్ని చిన్నపిల్లగా మార్చి చేసినదైనా, అకౌంట్ అక్కడితో ఆఖరు. ముందస్తు హెచ్చరిక ఉండదు, సంబంధిత అధికారులకు సమాచారం వెళ్తుంది. వయసు మీద అనుమానం ఉంటే 18 లోపేనని లెక్కవేస్తాం.

గుర్తింపు కార్డుల ఫొటోలు, బ్యాంకు కేవైసీ సెల్ఫీలు, వేరొకరి ముఖంతో లాగిన్ అవడానికి పనికొచ్చే చిత్రాలు కూడా ఎవరు ఒప్పుకున్నా కుదరవు.

అనుమతి ఉంటేనే కుదిరేవి

మాకు అందుతున్న ఫిర్యాదుల్లో చాలావరకు అపరిచితుల మీద కావు, తెలిసినవాళ్ల మీదే. తోటి ఉద్యోగితో జంటగా దిగినట్టు, విడిపోయిన మనిషి మళ్లీ పక్కన కూర్చున్నట్టు, క్లాస్‌మేట్‌ను ముద్దు పెట్టుకుంటున్నట్టు చేసిన చిత్రాలు అవి. చేసినవారు సరదా అంటారు. చిత్రంలో ఉన్నవారికి అది నలుగురికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవస్థ. ఎవరినైనా ఇలా దగ్గరితనం చూపే సన్నివేశంలోనో, తాగుతున్నట్టో, ఏడుస్తున్నట్టో, దెబ్బలు తిన్నట్టో, వాళ్లది కాని మతం లేదా పార్టీ గుర్తులతోనో చూపాలంటే వాళ్ల స్పష్టమైన అనుమతి కావాలి.

అనుమతి ఆ చిత్రం వరకే. బర్త్‌డే పోస్టర్‌కు సరే అన్న మనిషి పెళ్లి ఫొటోకు సరే అన్నట్టు కాదు. అడిగితే బదులివ్వకపోవడం అంగీకారం కాదు. నిన్న సరే అని ఇవాళ వద్దంటే, ఇవాళ్టి మాటే చెల్లుతుంది.

పిల్లల మామూలు చిత్రాలకు తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. గ్రూప్ ఫొటో ఇస్తే మీరు ఎంచుకున్న ముఖాన్నే యాప్ తీసుకుంటుంది, మిగతావి మసకబారతాయి. చనిపోయినవారి పాత ఫొటోలను బాగుచేసుకోవడానికీ, కుటుంబ చిత్రంలో చేర్చుకోవడానికీ అభ్యంతరం లేదు. వాళ్లను వెక్కిరించేవి, వాళ్లు అనని మాటలను వాళ్లకు అంటగట్టేవి తొలగిస్తాం.

వ్యాపార ప్రకటనల్లో మరొకరి ముఖం వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. అడిగినప్పుడు చూపించాలి. మందులు, పెట్టుబడి, అప్పు లాంటివాటికి డాక్టరో నటుడో సిఫారసు చేస్తున్నట్టు చేసిన చిత్రం కనిపిస్తే, అనుమతి చూపేదాకా ఆపేస్తాం.

ప్రముఖులు, వార్తలు

నాయకులను, నటులను, ఆటగాళ్లను ఆటపట్టించడం నేరం కాదు. ఒక నాయకుడు చంద్రుడి మీద గాలిపటం ఎగరేస్తున్న చిత్రాన్ని మేం ఆపం. అదే నాయకుడిని పోలీసులు పట్టుకెళ్తున్నట్టో, ఆసుపత్రి మంచం మీద ఉన్నట్టో, తాను అనని మాట రాసిన ప్లకార్డు పట్టుకున్నట్టో నిజం ఫొటోలా చేస్తే ఆపేస్తాం. మా సమీక్షకులు వేసుకునే ప్రశ్న ఒకటే: స్క్రోల్ చేస్తూ ఒక్క క్షణం చూసిన మనిషి ఇది జరిగిందని నమ్ముతారా?

కింద ‘ఏఐతో చేసినది’ అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. ప్రతి చిత్రంలోనూ అది ఏఐతో తయారైందని చెప్పే వివరాలను C2PA ప్రమాణం ప్రకారం, కంటెంట్ క్రెడెన్షియల్స్ రూపంలో చేరుస్తున్నాం. అయితే స్క్రీన్‌షాట్ తీస్తే ఆ వివరాలు పోతాయి, ఫార్వర్డ్ చేస్తే క్యాప్షన్ రాలిపోతుంది, మిగిలేది బొమ్మే. ఎన్నికల వేళ అభ్యర్థుల ముఖాలను రిఫరెన్స్‌గా తీసుకోవడం పూర్తిగా ఆపేస్తాం, వ్యంగ్యానికి కూడా. ఇందులో మంచి కార్టూన్లు కొన్ని నష్టపోతామని తెలుసు.

ప్రమాదాలు, అల్లర్లు, నేరాల దృశ్యాల్లో అసలు మనుషుల ముఖాలు పెట్టి ‘సాక్ష్యం’ తయారు చేయడం ఎవరి విషయంలోనైనా నిషేధమే.

దొడ్డిదారులు

‘ఆమె కాదు, ఆమెలాగే ఉండే ఇంకొకరు’ అని ప్రాంప్ట్ రాసినా, ఇద్దరి ముఖాలు కలిపినా, ముందు కార్టూన్‌గా చేయించి తర్వాత ఫొటోగా మార్చినా, ఒక్కో అడుగులో కొంచెం కొంచెం బట్టలు తగ్గించినా, చూసేవారు ఆ మనిషిని గుర్తుపడితే ఈ నియమాలు వర్తిస్తాయి. ఆపిన ప్రాంప్ట్‌నే అక్షరాలు మార్చి మళ్లీ మళ్లీ పంపితే దాన్ని కూడా ఉల్లంఘనగానే చూస్తాం.

ఉల్లంఘిస్తే, ఫిర్యాదు చేయాలంటే

రిఫరెన్స్ ఫొటోను, ప్రాంప్ట్‌ను, తయారైన చిత్రాన్ని మూడింటినీ తనిఖీ చేస్తాం. తప్పును బట్టి చిత్రాన్ని ఆపడం, ఫీచర్‌ను తీసేయడం, అకౌంట్‌ను మూసేయడం ఉంటాయి. ఫిల్టర్ పొరపాటున మామూలు చిత్రాన్ని ఆపడం కూడా జరుగుతుంది. అప్పుడు ‘అప్పీల్’ నొక్కండి, మనిషే చూసి 3 రోజుల్లో జవాబిస్తారు.

మీ ముఖంతో ఎవరో చిత్రం చేశారా? ఫిర్యాదుకు మీకు ఈ యాప్‌లో అకౌంట్ అక్కర్లేదు, లింక్ చాలు. ఆ చిత్రాన్ని మళ్లీ మాకు పంపాల్సిన పనీ లేదు. నగ్న, లైంగిక చిత్రాలపై వచ్చే ఫిర్యాదులను మిగతావాటి కంటే ముందు చూసి 24 గంటల్లో తేలుస్తాం. అలాంటి చిత్రం వేరే చోట్లకు పాకుతుందన్న టెన్షన్ ఉంటే, పెద్దవారు StopNCII.org వాడుకోవచ్చు. అక్కడ చిత్రం మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన సంస్థలు ఆ గుర్తుతో సరిపోలే చిత్రాలను వెతికి ఆపగలుగుతాయి. చిత్రంలో ఉన్నవారు 18 లోపువారైతే Take It Down అనే సేవ ఉంది, అదీ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

మీరిచ్చిన రిఫరెన్స్ ఫొటోను చిత్రం తయారైన 24 గంటల్లో చెరిపేస్తాం. ఫిర్యాదు వచ్చినవి మాత్రం విచారణ ముగిసేదాకా ఉంటాయి. ఈ నియమాలు రాకముందు చేసి పబ్లిక్‌గా పెట్టిన చిత్రాలకు కూడా ఇవే వర్తిస్తాయి. అలాంటివి మీ గ్యాలరీలో ఉంటే ఫిర్యాదు రాకముందే మీరే తీసేయండి, అందుకు మీ అకౌంట్ మీద ఏ చర్యా ఉండదు.