రేపటి 10:30 డెమోను గురువారానికి మార్చగలరా?

మేడమ్ గారికి నమస్కారం.

రేపు మంగళవారం ఉదయం 10:30కి మీ ఆఫీసులో అనుకున్న స్టాక్ సాఫ్ట్‌వేర్ డెమోను గురువారం 11 గంటలకు మార్చుకోగలమా అని అడగడానికి రాస్తున్నాను. ముందు రోజు సాయంత్రం ఇలా అడగాల్సి వచ్చినందుకు క్షమించండి. ఇందాక ఫోన్ కూడా చేశాను. మీరు పనిలో ఉన్నట్టున్నారు, అందుకే ఆగకుండా మెయిల్ పెడుతున్నాను.

జరిగింది ఇదీ. ఈరోజు సాయంత్రం చివరిసారి సరిచూస్తుంటే, మీరిచ్చిన పాత లెక్కల్లోంచి ఎక్కించిన సరుకులో కొన్నింటి నిల్వ ఎక్కువగా కనిపించింది. 40 పెట్టెలు ఉండాల్సిన చోట 46 చూపిస్తోంది. కస్టమర్లు వెనక్కిచ్చిన ఆరు పెట్టెలు రెండుసార్లు కలిశాయి. మీ లెక్కల్లో తప్పేమీ లేదు, వాటిని మా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడంలో మేమే పొరపాటు చేశాం. ఆ పని ముగిసిన రోజే నేను సరిచూసి ఉండాల్సింది. సరిదిద్దడానికి ఒక రోజు చాలు. కానీ ప్రతి గోడౌన్ నిల్వనూ మీ రిజిస్టర్‌తో మళ్ళీ పోల్చి చూశాకే మీ ముందు పెట్టాలని ఉంది. అందుకే బుధవారం అనకుండా గురువారం అడుగుతున్నాను.

ఈ డెమో కోసం మీ గోడౌన్ ఇన్‌చార్జిలు ముగ్గురినీ రమ్మన్నారని తెలుసు. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది అదే. వాళ్ళు ఇప్పటికే బయల్దేరి ఉంటే, లేదా గురువారం మీకు కుదరకపోతే, మొహమాటం లేకుండా చెప్పండి. రేపు 10:30కే వస్తాను. బిల్లింగ్, కొనుగోలు ఎంట్రీలు పక్కాగా ఉన్నాయి, వాటిని వాళ్ళ చేతే చేయించి చూపిస్తాను. నిల్వ రిపోర్టు ఒక్కటీ గురువారం అరగంట వీడియో కాల్‌లో చూద్దాం. రెండోసారి వాళ్ళను రప్పించాల్సిన పని ఉండదు. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలు మేలనుకుంటే అదీ నాకు వీలే.

వచ్చే నెల 1న సాఫ్ట్‌వేర్ వాడకం మొదలుపెట్టాలన్న తేదీ మాత్రం మారదు. మీ సిబ్బందికి ట్రైనింగ్ అనుకున్న రోజుల్లోనే జరుగుతుంది. సరిచేసిన నిల్వ పట్టికను బుధవారం సాయంత్రం 5 లోపు పంపిస్తాను. మీకు అనుమానం ఉన్న నాలుగైదు ఐటెమ్‌లు మీ వాళ్ళ చేత ఒకసారి లెక్కపెట్టించగలిగితే, డెమోలో వాటితోనే మొదలుపెడదాం.

ఈ రాత్రి 10 వరకు ఫోన్ దగ్గరే ఉంటాను. "గురువారం సరే" అని ఒక్క మాట మెసేజ్ పెట్టినా చాలు. మీ నుంచి కబురు రాకపోతే డెమో మారిందని నా అంతట నేను అనుకోను. ఉదయం 8కి మీకు ఫోన్ చేసి, రేపటికి సిద్ధంగానే ఉంటాను.

ఇబ్బంది పెట్టినందుకు మరోసారి మన్నించండి.

నమస్కారాలతో,
మీ స్టాక్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజర్